ఒంటికి మంటంటుకున్నాక మొదటి పది సెకన్లు

2008 డిసెంబర్ 29. క్రిస్మస్ సెలవులు కావడంతో లాస్ ఏంజెలెస్‌లోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం రసాయనశాలలో జనం పలచగా ఉన్నారు. 23 ఏళ్ల పరిశోధన సహాయకురాలు ఒకరు టెర్ట్-బ్యుటైల్ లిథియం అనే ద్రవాన్ని సీసాలోంచి ప్లాస్టిక్ సిరంజితో తోడుతున్నారు. ఆ ద్రవానికి గాలి తగిలితే చాలు, అగ్గిపుల్లతో పని లేకుండానే అంటుకుంటుంది. పైగా అది కరిగి ఉన్నది పెంటేన్‌లో, అదీ మండే సాల్వెంటే. తోడుతుండగా సిరంజి పిస్టన్ ఊడి బయటికొచ్చింది. ద్రవం ఆమె చేతుల మీద, దుస్తుల మీద చిమ్మి భగ్గున మండింది. దగ్గర్లో మూత లేకుండా ఉన్న హెక్సేన్ కూడా ఒలికి మంటకు తోడైంది.

ఆమె ల్యాబ్ కోటు వేసుకోలేదు. వేసుకున్నది సింథటిక్ స్వెటర్. అలాంటి నూలు మండడమే కాదు, కరిగి ఒంటికి అతుక్కుంటుంది. సహోద్యోగి ఒకరు పరుగున వచ్చి తన కోటుతో మంటలు ఆర్పబోయారు, ఆ తర్వాత సింకులోంచి నీళ్లు పట్టి పోశారు. అదే ల్యాబ్‌లో సేఫ్టీ షవర్ ఉంది. దాని గొలుసు మాత్రం ఎవరూ లాగలేదు. ఒంట్లో దాదాపు 43 శాతం కాలిపోయిన ఆమె 18 రోజులకు కన్నుమూశారు. విశ్వవిద్యాలయం మీద, ల్యాబ్‌కు పెద్దయిన ప్రొఫెసర్ మీద క్రిమినల్ కేసు నడిచింది.

మన డిగ్రీ కాలేజీ ల్యాబుల్లో మామూలుగా ఆ ద్రవం కనిపించదు. కానీ ఈథర్, అసిటోన్, ఆల్కహాల్ లేని ల్యాబ్ ఉండదు. వీటిలో అసలు మండేది ద్రవం కాదు, దాని పైనుంచి లేచే ఆవిరి. అసిటోన్ సున్నాకు 20 డిగ్రీలు దిగువన కూడా అంటుకునేంత ఆవిరిని వదులుతుంది. మరి మన మే నెల మధ్యాహ్నం సంగతి చెప్పాలా? ఈథర్ ఆవిరి గాలికంటే రెండున్నర రెట్లు బరువు. పైకి పోకుండా బల్ల మీదుగా పాకుతూ అవతలి చివర బున్సెన్ బర్నర్‌ను చేరుతుంది, అంటుకుని వచ్చిన దారినే సీసా దాకా వెనక్కి వస్తుంది. దానికి మంటే అక్కర్లేదు. బాగా కాలిన హాట్‌ప్లేట్ చాలు.

అందుకే సాల్వెంట్ ఒలికినప్పుడు చేయాల్సిన పనుల వరుస ముఖ్యం. ముందు బర్నర్లన్నీ ఆరాలి. ఒక్కొక్కటిగా కాదు, తలుపు దగ్గరి గ్యాస్ మెయిన్ వాల్వ్ దగ్గర ఒకేసారి. ఆ వాల్వ్ తాళం వేసిన బీరువా వెనక ఉందంటే లేనట్టే. ఆవిరి కమ్ముకున్న గదిలో ఏ స్విచ్చూ వేయకూడదు, తీయకూడదు. స్విచ్‌లో పుట్టే చిన్న నిప్పురవ్వకే అది అంటుకోవచ్చు. కరెంటు ఆపాలంటే గది బయటి మెయిన్ దగ్గరే ఆపాలి. ఈలోగా పిల్లల్ని బయటికి పంపేయాలి. వాల్వ్ ఎవరు కట్టేయాలి, పిల్లల్ని ఎవరు నడిపించాలి, ఫోన్ ఎవరు చేయాలి అన్నది ప్రాక్టికల్స్ మొదలయ్యే ముందే లెక్చరర్, అటెండర్ పంచుకుని ఉండాలి. మంట లేచాక మాట్లాడుకునే వ్యవధి ఉండదు.

ఫైర్ బ్లాంకెట్ విషయంలో చాలామంది పొరబడతారు. బీకర్‌లోనో చిన్న పళ్లెంలోనో మండుతుంటే దాన్ని మెల్లగా కప్పి వదిలేయొచ్చు. వెంటనే తీసి చూడకూడదు, వేడి తగ్గకముందే గాలి తగిలితే మళ్లీ అంటుకుంటుంది. నిలబడి ఉన్న మనిషికి చుడితే మాత్రం దుప్పటి పొగగొట్టంలా మారి, లోపలి మంటను, వేడి గాలిని నేరుగా ముఖంలోకి తోస్తుంది. మనిషిని ముందు పడుకోబెట్టి, ఆ తర్వాతే కప్పాలి. షవర్ నాలుగడుగుల్లో ఉంటే దుప్పటి ఊసే వద్దు, అక్కడికే లాక్కెళ్లాలి. నీళ్లు మంటను ఆర్పుతాయి, కాలిన ఒంటిని చల్లబరుస్తాయి, అంటిన రసాయనాన్నీ కడిగేస్తాయి. దుప్పటి ఈ మూడింటిలో మొదటిదే చేస్తుంది.

అమెరికా ప్రమాణం ప్రకారం షవర్ పది సెకన్ల నడకలో ఉండాలి. నిమిషానికి సుమారు 75 లీటర్ల చొప్పున పావుగంట నీళ్లు ఆగకుండా రావాలి. ఒకసారి లాగితే చెయ్యి వదిలినా పారుతూనే ఉండాలి, ఎందుకంటే రెండు చేతులూ బట్టలు విప్పడానికి కావాలి. రసాయనం చిమ్మి ఒంటికి తగిలినప్పుడు మొహమాటపడకుండా బట్టలు తీసేయాల్సిందే. అమ్మాయిలు వెనకాడతారని తెలిసిన కాలేజీ షవర్ చుట్టూ ఒక తెర కట్టిస్తుంది, పక్కనే పొడి దుప్పటి పెడుతుంది.

ఇదే ప్రమాణం షవర్‌ను వారానికోసారి తెరిచి చూడమంటుంది. మానేస్తే గొట్టంలో తుప్పు నీరు నిలుస్తుంది, వాల్వ్ బిగుసుకుపోతుంది. కాలేజీల్లో తెరవకపోవడానికి చాలాచోట్ల బద్ధకం కారణం కాదు. కింద నీళ్లు పోయే తూము లేదు. గది తడిస్తే తుడిచేది అటెండరే. అలాంటిచోట షవర్ తలకు వెడల్పాటి ప్లాస్టిక్ సంచి గొట్టంలా కట్టి, దాని కింది కొస డ్రమ్ములోకి వదిలితే చాలు, నేల తడవదు. నీళ్లు ఎర్రగా వస్తే తేటపడేదాకా వదిలి, తేదీ వేసి, సంతకం చేసిన చీటీ గొలుసు పక్కన అంటించాలి.