మొదలూ చివరా కత్తిరిస్తే చాలు

ఫోన్‌లో తీసిన వీడియోల్లో చాలావాటికి మొదటా చివరా కొన్ని సెకన్లు చెత్త ఉంటుంది. బటన్ నొక్కాక ఫోన్ పైకెత్తేలోపు నేల కనబడుతుంది. ఆపడానికి వేలు తీసుకెళ్లేటప్పుడు చెయ్యి కదులుతుంది. దీన్ని తీసెయ్యడానికి వేరే యాప్ అక్కర్లేదు, గ్యాలరీలోనే ఆ పని అయిపోతుంది.

బారసాలలో అమ్మమ్మ జోల పాడిన వీడియో ఒకటి ఉందనుకుందాం. నిడివి నిమిషం పన్నెండు సెకన్లు. మొదటి ఏడు సెకన్లూ గచ్చు, "నొక్కావా?" అన్న మాటలు. చివరి పది సెకన్లూ పైకప్పు ఫ్యాన్. గూగుల్ ఫొటోస్‌లో ఆ వీడియో తెరిచి Edit నొక్కండి. కింద చిన్నచిన్న బొమ్మలతో ఒక పట్టీ కనిపిస్తుంది. దాని రెండు కొసల్లోనూ పట్టుకుని జరపడానికి వీలుగా అంచులుంటాయి. ఎడమ అంచును కుడివైపుకు, కుడి అంచును ఎడమవైపుకు జరిపితే మధ్యలో ఉన్నదే మిగులుతుంది.

ఎక్కడ ఆపాలన్నదే అసలు సంగతి. చాలామంది బొమ్మను చూసి కోస్తారు. కానీ అమ్మమ్మ ముఖం తెరమీద కుదురుకునేది ఎనిమిదో సెకనులో, గొంతు ఎత్తేది ఏడో సెకనులోనే. బొమ్మ బాగున్నచోట కోస్తే పాటలో మొదటి మాట ఎగిరిపోతుంది. అందుకే వాల్యూమ్ పెంచి, చెవితో వింటూ కొయ్యాలి. పాటకు అర సెకను ముందు అంచు ఆపండి, ఆమె ఊపిరి తీసుకోవడం వినబడాలి. బొమ్మ కాస్త ఊగినా పరవాలేదు. చివర కూడా అంతే, ఆఖరి మాట పూర్తిగా సద్దుమణిగాకే కొయ్యండి. అంచు మరీ గెంతుతుంటే వేలిని మెల్లగా జరపండి. ఐఫోన్‌లోనైతే అంచును కాసేపు నొక్కి పట్టుకుంటే పట్టీ సాగి, సన్నగా కొయ్యడం తేలికవుతుంది.

ఇప్పుడు Save copy నొక్కితే కోసిన ముక్క కొత్త వీడియోగా చేరుతుంది, పాతది అలాగే ఉంటుంది. ఐఫోన్‌లో Save Video as New Clip అన్నదాన్ని ఎంచుకుంటే ఇదే జరుగుతుంది. Save Video నొక్కితే పాతదాని స్థానంలో కోసినది కనిపిస్తుంది, అయితే మళ్లీ Edit లోకి వెళ్లి Revert నొక్కితే మొత్తం తిరిగొస్తుంది.

పాట మధ్యలో ఎవరో దగ్గినా ఈ అంచులు దాన్ని తియ్యలేవు, ఇవి కొసలకే పనికొస్తాయి. దగ్గుకు ముందు భాగాన్ని ఒక కాపీగా, తరవాతి భాగాన్ని ఇంకో కాపీగా దాచుకుని, విడివిడిగా పంపుకోవడమే తేలిక.

రెండు కాపీలున్నప్పుడు ఫోన్‌లో జాగా ఎక్కువ పడుతుంది కాబట్టి పాతది తీసెయ్యాలనిపిస్తుంది. కోసినదాన్ని మొదటినుంచి చివరిదాకా శబ్దంతో ఒకసారి చూడండి. మొదటి మాట, ఆఖరి మాట రెండూ నిండుగా వినబడితేనే పాతది డిలీట్ చెయ్యండి. అప్పటికీ అది కొన్నాళ్లు ట్రాష్‌లో ఉంటుంది, పొరపాటైతే అక్కడినుంచి వెనక్కి తెచ్చుకోవచ్చు.