ఎస్‌ఆర్-13 ఉందా? అమ్మకం ఆపండి

2025 అక్టోబరు 4న తెలంగాణ ఔషధ నియంత్రణ మండలి ఒక దగ్గు మందుపై హెచ్చరిక జారీ చేసింది. మందు పేరు కోల్డ్‌రిఫ్ సిరప్. తయారీ శ్రేసన్ ఫార్మా, కాంచీపురం జిల్లా, తమిళనాడు. బ్యాచ్ నంబరు ఎస్‌ఆర్-13. తయారైంది 2025 మే, గడువు 2027 ఏప్రిల్. ఈ సీసా ఇంట్లో ఉంటే వాడొద్దు, సమీపంలోని డ్రగ్స్ అధికారులకు చెప్పండి అన్నది జనానికి మాట. షాపులు, హోల్‌సేల్ డీలర్లు, ఆసుపత్రుల దగ్గర ఉన్న స్టాకును కదలకుండా చేయించమన్నది డ్రగ్ ఇన్‌స్పెక్టర్లకు ఆదేశం.

అప్పటికే మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడాలో పిల్లలు కిడ్నీలు చెడి చనిపోతున్నారు. ఆ సంఖ్య తర్వాత 20 దాటింది. తమిళనాడు ప్రయోగశాల ఆ బ్యాచ్‌ను పరీక్షిస్తే 100 మిల్లీలీటర్లలో 48.6 గ్రాముల డైఇథిలీన్ గ్లైకాల్ తేలింది. ఇది పరిశ్రమల్లో వాడే విష ద్రావకం. మందులో 0.1 శాతం మించకూడదు. రుచికి తియ్యగానే ఉంటుంది కనుక చూసో, నాకి చూసో పట్టుకోవడం కుదరదు. షాపువాడికైనా, తల్లికైనా దొరికే ఆనవాలు సీసా మీది బ్యాచ్ నంబరొక్కటే.

నోటీసు అందిన షాపులో జరగాల్సిన పని చూద్దాం. హోల్‌సేల్ బిల్లు ప్రకారం ఎస్‌ఆర్-13 సీసాలు పది వచ్చాయనుకోండి. అరలో ఆరున్నాయి. ఆ ఆరింటినీ వేరే పెట్టెలో పెట్టి 'అమ్మకానికి కాదు' అని రాయాలి, లెక్క ఇన్‌స్పెక్టరుకు చెప్పాలి. సింకులో పారబోయడం తప్పు. అవి సాక్ష్యం కూడా. ఇక మిగిలిన నాలుగూ ఎవరింటికి వెళ్లాయన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు అమ్మకపు బిల్లులోనే ఉండాలి. బిల్లు మీద బ్యాచ్ నంబరు రాయాలని నిబంధనలు ఎప్పటి నుంచో చెబుతున్నాయి. చాలా చోట్ల చీటీ ముక్క మీద ధర ఒక్కటే ఉంటుంది, ఒక్కోసారి అదీ ఉండదు. అలాంటప్పుడు ఆ నాలుగు సీసాలను వెనక్కి రప్పించే దారి మూసుకుపోయినట్టే.

ప్రాణాపాయం ఉన్న మందును 24 గంటల్లో, ఎక్కువలో ఎక్కువ 72 గంటల్లో వెనక్కి తెప్పించాలని కేంద్ర ఔషధ ప్రమాణాల సంస్థ మార్గదర్శకాలు అంటాయి. డీలర్ల వరకు ఈ గడువు సాధ్యమే, వాళ్ల కంప్యూటర్లలో బ్యాచ్‌ల వారీ లెక్క ఉంటుంది. షాపు గడప దాటాక మాత్రం వేగమంతా చచ్చిపోతుంది. నా దృష్టిలో రీకాల్ విఫలమయ్యేది అక్కడే.

కాబట్టి పిల్లల సిరప్ కొన్నప్పుడు బ్యాచ్ నంబరున్న బిల్లు అడిగి తీసుకోండి, మందు అయిపోయేదాకా దాన్నీ, సీసా లేబుల్‌నూ ఉంచండి. అనుమానం వస్తే తెలంగాణలో టోల్‌ఫ్రీ నంబరు 1800-599-6969. సిరప్ తాగిన బిడ్డకు వాంతులై, మూత్రం తగ్గితే ఫోన్ తర్వాత చేయొచ్చు, ముందు ఆసుపత్రికి పరుగెత్తండి. సీసా కూడా పట్టుకెళ్లండి.