పోయింది ఎంతో చెప్పేదెవరు?

కోల్‌కతాలో ఒక ఖాతాదారు 1995లో లాకరు అద్దె కట్టడానికి బ్యాంకుకు వెళ్లాడు. అద్దె బకాయి ఉందంటూ అంతకుముందు ఏడాదే లాకరు పగలగొట్టేశామని అక్కడివాళ్లు చెప్పారు. ఆ బకాయి అప్పటికే కట్టేసి ఉంది. పైగా ఆ లాకరును మరొకరికి ఇచ్చేశారు కూడా. లోపల 7 నగలు ఉండాలని ఆయన, తెరిచినప్పుడు 2 మాత్రమే ఉన్నాయని బ్యాంకు. వివాదం సుప్రీంకోర్టు దాకా నడిచి 2021 ఫిబ్రవరి 19న తీర్పు వచ్చింది. నిర్లక్ష్యం చేసినందుకు 5 లక్షల రూపాయల పరిహారం, కోర్టు ఖర్చులకు మరో లక్ష ఇమ్మన్నారు. అసలు నగలు ఎన్ని ఉన్నాయన్నది మాత్రం అక్కడా తేలలేదు. దాన్ని సివిల్ కోర్టులో తేల్చుకోమన్నారు.

బంగారం ఎక్కడ పెట్టాలన్న చర్చ మన ఇళ్లలో తాళం దగ్గరే ఆగిపోతుంది. ఏ తాళం గట్టిది, ఏ గోడ మందం అని చూస్తాం. పోయిన రోజున ఎదురయ్యే ప్రశ్న వేరు: అక్కడ ఎంత ఉందో మీరు కాక ఇంకెవరికి తెలుసు?

ఒక కుటుంబం దగ్గర 30 కాసుల బంగారం ఉందనుకుందాం. కాసు 8 గ్రాములు కనుక మొత్తం 240 గ్రాములు. లెక్క సులువుగా ఉండటానికి 10 గ్రాములు లక్ష రూపాయలు అనుకుంటే 24 లక్షల ఆస్తి.

ఇది ఇంట్లోనే ఉంటే పైకి ఖర్చేమీ కనిపించదు. బీరువా ఎలాగూ ఉంది. అయితే బీరువా లాకరు పిల్లలు తెరవకుండా ఆపగలదే తప్ప గడ్డపారతో వచ్చినవాణ్ని ఆపలేదు. బరువైన ఇనప్పెట్టె కొన్నా, గోడకో నేలకో బోల్టులతో బిగించకపోతే దొంగలు పెట్టెతో సహా మోసుకుపోతారు. బియ్యం డబ్బా, అటక, దేవుడి గది వంటి చోట్లు మనకు ఎంత రహస్యమో దొంగలకు అంత పాఠమే!

ఇంటికి బీమా ఉంది కదా అన్న ధీమాతో ఉండేవారు పాలసీ కాగితం ఒకసారి చదవాలి. నగలకు విడిగా జాబితా ఇచ్చి, వాటి విలువకు ఆధారం చూపి, అదనపు ప్రీమియం కడితేనే పూర్తి రక్షణ వస్తుంది. తలుపో కిటికీయో పగలగొట్టిన ఆనవాళ్లు లేకపోతే చాలా కంపెనీలు పరిహారం ఇవ్వవు. తాళంచెవి ఎక్కడుంటుందో తెలిసినవాళ్లు పట్టుకెళితే ఆ ఆనవాళ్లు ఎక్కడినుంచి వస్తాయి? ఇల్లు వరసగా చాలా రోజులు ఖాళీగా ఉంటే వర్తించదన్న షరతు కూడా చాలా పాలసీల్లో ఉంటుంది. అమెరికాలో పిల్లల దగ్గరికి ఆరు నెలలు వెళ్లే తల్లిదండ్రులు మొదట చూసుకోవాల్సింది ఇదే.

ఇక బ్యాంకు లాకరు. ఆ సుప్రీంకోర్టు తీర్పు తర్వాతే రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులో కొత్త నిబంధనలు తెచ్చింది. 2022 జనవరి 1 నుంచి అవి అమల్లోకి వచ్చాయి. అంతకుముందు చాలా బ్యాంకులు ‘లోపల ఏముందో మాకు తెలియదు, మా బాధ్యత లేదు’ అని తప్పుకునేవి. ఇప్పుడు అగ్నిప్రమాదం, దొంగతనం, దోపిడీ, భవనం కూలడం, సిబ్బంది మోసం వల్ల నష్టం జరిగితే బ్యాంకు పరిహారం ఇవ్వాలి. ఎంత? ఏడాది అద్దెకు 100 రెట్లు.

వినడానికి పెద్ద మొత్తంలా ఉంటుంది. మన కుటుంబం తీసుకున్న చిన్న లాకరు అద్దె ఏడాదికి 2,000 రూపాయలు, 18 శాతం జీఎస్‌టీ కలిపితే 2,360 అనుకుందాం. అద్దెకు 100 రెట్లంటే 2 లక్షలు. అంటే 30 కాసులు పోతే చేతికొచ్చేది రెండున్నర కాసుల ధర. బంగారం బరువెక్కువ, చోటు తక్కువ తీసుకునే లోహం. అతి చిన్న లాకరులోనే జీవితకాలపు సంపాదన పట్టేస్తుంది. పరిహారమేమో పెట్టె సైజును బట్టి వస్తుంది! లోపలి వస్తువులకు బ్యాంకు బీమా చేయదు, చేయకూడదు కూడా. వరద, భూకంపం, పిడుగు వంటి వాటికి బాధ్యత వహించదు.

తాకట్టు బంగారం సంగతి ఇందుకు భిన్నం. 2024 నవంబరులో వరంగల్ జిల్లా రాయపర్తిలోని స్టేట్ బ్యాంకు శాఖలో దొంగలు పడి దాదాపు 19 కిలోల నగలు ఎత్తుకెళ్లారు. అవి రుణం కోసం ఖాతాదారులు కుదువపెట్టినవి. ఒక్కొక్కరి నగల బరువూ బ్యాంకు పుస్తకాల్లో ఉంది కాబట్టే పోయినదెంతో ముందే తెలిసింది. అదే లాకర్ల గది అయితే ఎవరి నోటిమాట వాళ్లదే.

అందుకే లాకరు ఉన్నవాళ్లకు దాని అద్దె మొదటి ఖర్చు మాత్రమే. రెండో ఖర్చు బీమా: లాకరులోని నగలకు విడిగా పాలసీ ఇచ్చే సాధారణ బీమా కంపెనీలున్నాయి. ఖర్చులేని పని మరొకటుంది. ప్రతి నగనూ తూకం మీద పెట్టి ఫోటో తీయడం, బిల్లు దాచడం, కొత్త నగలైతే హాల్‌మార్క్ పక్కన ఉండే ఆరు అక్షరాల హెచ్‌యూఐడీ సంఖ్యను రాసుకోవడం. ఆ కాగితాన్ని లాకరులోనే పెట్టకూడదని వేరే చెప్పాలా!

ఏడేళ్లపాటు లాకరు తెరవకపోతే, అద్దెదారు ఆచూకీ కూడా దొరకకపోతే, అద్దె సక్రమంగా కడుతున్నా సరే బ్యాంకు దాన్ని తెరవవచ్చు. విదేశాల్లో స్థిరపడి ఊళ్లో లాకరును మరిచిపోయినవాళ్లకు ఈ నిబంధన వర్తించే అవకాశం ఎక్కువ.

మూడోది వాల్టు. కంపెనీ మీ పేరున బంగారం కొని, బందోబస్తు గల ఖజానాలో ఉంచి, ఏటా రుసుము తీసుకుంటుంది. ఇక్కడ రెండు పద్ధతులున్నాయి. గోదాములో ధాన్యం పెట్టిన రైతుకు తేడా వెంటనే అర్థమవుతుంది. బస్తాల మీద మీ పేరు రాసి విడిగా పేరిస్తే అది మీ ధాన్యం. అందరిదీ ఒకే రాశిగా పోసి చీటీ ఇస్తే, గోదాము దివాలా తీసిన రోజున మీరు అప్పులవాళ్ల వరసలో నిలబడాలి. మొదటిది కేటాయించిన బంగారం, రెండోది కేటాయించని బంగారం. నిల్వ రుసుము తీసుకుంటూ అసలు లోహమే విడిగా పెట్టలేదన్న ఆరోపణపై మోర్గాన్ స్టాన్లీ సంస్థ 2007లో, తప్పు ఒప్పుకోకుండానే, 44 లక్షల డాలర్లకు రాజీ పడింది.

లండన్‌లోని బులియన్‌వాల్ట్ ఖజానాలోని కడ్డీల జాబితానూ, ఖాతాదారుల మారుపేర్లతో వారి గ్రాముల లెక్కనూ రోజూ బయటపెడుతుంది. రెండు మొత్తాలూ సరిపోవాలి. మీ మారుపేరు పక్కన మీ గ్రాములున్నాయో లేదో మీరే చూసుకోవచ్చు. బీమాతో కలిపి రుసుము ఏడాదికి 0.12 శాతం. మన 24 లక్షలకు 2,880 రూపాయలు కావాలి గానీ, నెలకు కనీసం 4 డాలర్లు కట్టాలి కాబట్టి 4,000 దాటుతుంది. బీమా లేని లాకరు అద్దెతో పోలిస్తే మరీ ఎక్కువేమీ కాదు. విదేశాల్లో ఉండే తెలుగువాళ్లకు ఇది అందుబాటులో ఉన్న దారే.

మన దేశంలో దీనికి దగ్గరగా ఉన్నది ఫోను యాప్‌లలో అమ్మే డిజిటల్ గోల్డ్. ఇది తన నియంత్రణలో లేదని సెబీ 2025 నవంబరులో మదుపరులను హెచ్చరించింది. కొన్నప్పుడు 3 శాతం జీఎస్‌టీ పోతుంది. అమ్మే ధర, కొనే ధర మధ్య తేడా దీనికి అదనం. కడ్డీల లెక్క చూసే ట్రస్టీ ఎవరు, ఉచిత నిల్వ ఎన్నేళ్లు, కంపెనీ మూతపడితే ఏం చేస్తారు అన్న మూడు సంగతులు షరతుల్లో దొరక్కపోతే అక్కడే ఆగిపోవడం మేలు.

ఇంకో చిక్కుంది. వాల్టు తీసుకునేది కడ్డీలు, నాణేలే. నాయనమ్మ కాసులపేరు అందులో పెట్టాలంటే కరిగించాలి. చేసిన మజూరీ అంతా నిప్పులో పోతుంది. అందుకని మన 30 కాసుల కుటుంబంలో పెళ్లిళ్లకు తీసే 22 కాసుల నగలు బీమాతో లాకరులో ఉండి, రోజూ వేసుకునే 3 కాసులు ఇంట్లో మిగిలితే, వాల్టు గురించి ఆలోచించాల్సింది కేవలం పొదుపు కోసం కొన్న 5 కాసుల నాణేల విషయంలోనే. వాటికీ విదేశీ వాల్టు కనీస రుసుము నెలకు 4 డాలర్లే, అంటే వాటి విలువలో ఏటా 1 శాతం దాకా. లాకరులో ఆ 5 నాణేలకు అదనంగా పట్టే చోటు అగ్గిపెట్టెంత.