వరుసలో ఎవరి వెనుక ఎవరు?

మీ పాఠశాలలో క్యారమ్స్ పోటీ పెట్టారనుకుందాం. గోపి, రాజు, వాణి, సుబ్బు, లత - మొత్తం ఐదుగురు ఆడుతున్నారు. ఓడినవాళ్ళు తప్పుకునే పద్ధతి కాదిది. ప్రతి ఒక్కరూ మిగిలిన నలుగురితోనూ ఒక్కొక్క ఆట ఆడాలి. ప్రతి ఆటలోనూ ఒకరు గెలవాలి, ఒకరు ఓడాలి. సమానం అన్న మాట లేదు. ఐదుగురూ నాలుగేసి ఆటలు ఆడితే 20 అవుతుంది. కాని ప్రతి ఆటనూ ఇద్దరి పేరునా రెండుసార్లు లెక్కపెట్టాం గనుక, జరిగిన ఆటలు నిజానికి 10 మాత్రమే. ఫలితాలు ఇవీ:

వాణి - రాజు, సుబ్బు, లతల మీద గెలిచింది.
రాజు - గోపి, సుబ్బుల మీద గెలిచాడు.
సుబ్బు - గోపి, లతల మీద గెలిచాడు.
లత - రాజు, గోపిల మీద గెలిచింది.
గోపి - వాణి ఒక్కతె మీదనే గెలిచాడు.

ఇప్పుడు డ్రిల్లు మాస్టారు ఒక షరతు పెట్టారు. "ఐదుగురూ ఒకరి వెనుక ఒకరు నిలబడండి. కాని ప్రతి ఒక్కరూ తమ వెనుకనే ఉన్నవారిని ఓడించి ఉండాలి." ఇది సాధ్యమేనా?

గెలిచిన ఆటలను బట్టి నిలబెడితే సరిపోతుందని మీకు తోచవచ్చు. వాణికి 3 గెలుపులు, గోపికి 1. మధ్యలో రాజు, సుబ్బు, లత ముగ్గురికీ రెండేసి. ఆ ముగ్గురిలో ఎవరు ముందు? రాజు సుబ్బును ఓడించాడు, సుబ్బు లతను ఓడించాడు, లతేమో రాజును ఓడించింది! గానుగెద్దు నడకలా ఎక్కడ మొదలుపెట్టినా మళ్ళీ అక్కడికే వస్తున్నాం. ఇక ఐదుగురిని అన్ని రకాలుగానూ నిలబెట్టి చూద్దామంటే 120 వరుసలు ఉన్నాయి. ఆటగాళ్ళు పదిమందైతే ఆ సంఖ్య 36,28,800 అవుతుంది. అన్నిటినీ పరీక్షించడం అయ్యే పని కాదు.

ఒక్కొక్కరినే పిలుద్దాం

అందరినీ ఒకేసారి నిలబెట్టే ప్రయత్నం మానేసి ఒక్కొక్కరినే పిలుద్దాం. ముందు గోపి వచ్చి నిలబడతాడు. ఒక్కడే ఉన్నాడు గనుక మాస్టారి షరతుకు అడ్డేమీ లేదు.

తరువాత రాజు. అతడు గోపిని ఓడించాడు కాబట్టి గోపికి ముందు నిలబడతాడు. వరుస: రాజు, గోపి.

మూడవది వాణి. ఆమె వరుస మొదటికి వచ్చి, "ఇతణ్ణి నేను ఓడించానా?" అని తన్ను తాను ప్రశ్నించుకుంటుంది. రాజును ఓడించింది. అందుచేత అతడికి ముందు నిలబడుతుంది. వరుస: వాణి, రాజు, గోపి.

ఇప్పుడు సుబ్బు. అతడూ మొదటినుంచే చూసుకుంటూ వస్తాడు. వాణిని ఓడించాడా? లేదు. రాజును? లేదు. గోపిని? ఓడించాడు. అయితే గోపికి సరిగ్గా ముందు నిలబడాలి. అతడి ముందున్న రాజు అతణ్ణి ఓడించినవాడే గనుక చిక్కులేదు. వరుస: వాణి, రాజు, సుబ్బు, గోపి.

చివరికి లత. వాణిని ఓడించలేదు. రాజును ఓడించింది. అక్కడే ఆగి, రాజుకు ముందు నిలబడుతుంది. వరుస: వాణి, లత, రాజు, సుబ్బు, గోపి. పైనున్న ఫలితాలతో సరిచూడండి. నాలుగు జతలూ సరిపోతాయి.

ఎందుకు ఎప్పుడూ కుదురుతుంది?

ఈ ఐదుగురికి కుదిరింది, సరే. వేరే ఫలితాలు వస్తే? ఆటగాళ్ళు యాభైమంది అయితే? అప్పుడూ కుదిరి తీరుతుందని చెప్పడానికి రుజువు కావాలి.

కొంతమంది ఆటగాళ్ళు ఇప్పటికే సరైన వరుసలో నిలబడ్డారనుకోండి. కొత్తగా ఒకరు వచ్చారు. వరుస మొదటినుంచి నడుస్తూ, తాను ఓడించినవారిలో మొట్టమొదట ఎదురైనవారి దగ్గర ఆగుతారు. అప్పుడు మూడే సంగతులు జరగవచ్చు.

మొదటిది: వరుసలో అందరికంటె ముందున్నవారినే కొత్తవారు ఓడించారు. అయితే వెళ్ళి ముందు నిలబడవచ్చు.

రెండవది: మధ్యలో ఎక్కడో ఆగారు. ఆగినచోట వెనుక ఉన్నవారిని కొత్తవారు ఓడించారు. మరి ముందున్నవారి మాటేమిటి? వారి దగ్గర కొత్తవారు ఆగకుండా వచ్చేశారు, అంటే వారిని ఓడించలేదు. ప్రతి జతా ఆడింది, సమానం లేదు. కాబట్టి వారే కొత్తవారిని ఓడించి ఉండాలి. రెండు పక్కలా షరతు సరిపోయింది.

మూడవది: చివరిదాకా నడిచినా ఎక్కడా ఆగలేదు. అంటే కొత్తవారు అందరి చేతిలోనూ ఓడారు. వరుస చివర నిలబడితే చాలు.

"మొట్టమొదట" అన్న మాటను జారవిడవకండి. కొత్తవారు రెండవ, మూడవ స్థానాల్లో ఉన్న ఇద్దరినీ ఓడించారనుకోండి. తొందరపడి మూడవవారికి ముందు దూరితే, తమ ముందున్న రెండవవారు తమ చేతిలో ఓడినవారవుతారు. వరుస అక్కడ తెగిపోతుంది.

ఒక్కరున్నప్పుడు వరుస ఉంది. ఎంతమందికి వరుస ఉన్నా, ఇంకొకరిని చేర్చి కొత్త వరుస తయారు చేయగలం. కనుక ఇద్దరికి ఉంది, ఇద్దరికి ఉంది గనుక ముగ్గురికి ఉంది, అలాగే నలుగురికి, యాభైమందికి, ఎందరికైనా ఉంది. నిచ్చెన మొదటి మెట్టు ఎక్కగలిగి, ఏ మెట్టు మీదనుంచైనా పై మెట్టుకు పోగలిగితే ఎంత ఎత్తయినా ఎక్కవచ్చు గదా! ఇలా రుజువు చేసే పద్ధతినే గణితానుగమనం అంటారు.

ఆటగాళ్ళకు బదులు కాగితం మీద చుక్కలు పెట్టి, గెలిచినవారినుంచి ఓడినవారికి బాణం గీయండి. ప్రతి రెండు చుక్కల మధ్యా ఒకే ఒక్క బాణం ఉన్న ఇటువంటి బొమ్మను గణితంలోనూ టోర్నమెంటు అనే పిలుస్తారు. బాణాల వెంట పోతూ ప్రతి చుక్కనూ సరిగ్గా ఒక్కసారి తాకే దారికి హామిల్టన్ మార్గమని పేరు. ఐర్లండుకు చెందిన గణితవేత్త విలియం రోవన్ హామిల్టన్ 1857లో 20 చుక్కలున్న ఒక బొమ్మ మీద ఇలాంటి దారులు వెదికే ఆటను తయారు చేశాడు. ఆ పేరు అలా వచ్చింది.

షరతులు తప్పితే

రెండవ సంగతిలో "ప్రతి జతా ఆడింది" అన్నాం. అది నిజం కాకపోతే రుజువు కూలిపోతుంది. ముగ్గురిలో వాణి మిగిలిన ఇద్దరినీ ఓడించింది, ఆ ఇద్దరు మాత్రం తమలో తాము ఆడనే లేదనుకోండి. వాణి ముందు నిలబడితే వెనుక ఇద్దరి మధ్య తేల్చుకోలేం. ఆమె మధ్యలో గాని చివర గాని నిలబడలేదు. ఎలా చూసినా వరుస లేదు. ఆట సమానమైనా ఇదే చిక్కు.

ఇంకొక హెచ్చరిక. ఈ వరుస ప్రతిభను కొలిచే పట్టిక కాదు. మన వరుసలో చివరనున్న గోపి, అందరికంటె ముందున్న వాణిని ఓడించినవాడే! అంతేకాదు, గోపి, వాణి, లత, రాజు, సుబ్బు అని నిలబెట్టినా షరతు చెల్లుతుంది. ఒకే ఒక్క ఆట గెలిచినవాడు అందరికీ ముందు నిలిచాడు! ఓపికగా లెక్కపెడితే ఈ పోటీలో ఇటువంటి వరుసలు 15 ఉన్నాయి. ఐదుగురిలో ఒక్కొక్కరూ మూడేసి వరుసలకు ముందుంటారు.

15 బేసి సంఖ్య. ఇది కాకతాళీయం కాదు. ఏ టోర్నమెంటులోనైనా ఇటువంటి వరుసల సంఖ్య బేసి సంఖ్యే అవుతుందని హంగరీ గణితవేత్త లాస్లో రెడెయి 1934లో నిరూపించాడు. సున్న సరిసంఖ్య గనుక, కనీసం ఒక వరుసైనా ఉండి తీరుతుందన్న మన ఫలితం అందులోనే ఇమిడి ఉంది.

నమ్మకం కుదరకపోతే కాగితం తీసుకోండి. నాలుగు చుక్కలు పెట్టి, వాటిని కలిపే 6 గీతల మీద మీ ఇష్టం వచ్చినట్లు బాణాలు వేయండి. హామిల్టన్ మార్గాలన్నీ వెదికి లెక్కపెట్టండి. సరిసంఖ్య వస్తే, ఎక్కడో ఒక దారి మీ కన్నుగప్పి పోయిందన్నమాట!