హార్ముజ్‌లో దారి ఎవరిది?

హార్ముజ్ జలసంధి బాగా ఇరుకైన చోట వెడల్పు సుమారు 21 నాటికల్ మైళ్లు, అంటే 39 కిలోమీటర్లు. ఉత్తరాన ఇరాన్, దక్షిణాన ఒమన్‌కు చెందిన ముసందం ద్వీపకల్పం. తీరం నుంచి 12 నాటికల్ మైళ్ల దాకా ఉన్న నీరు ఆ దేశపు ప్రాదేశిక జలాలే. రెండు దేశాల పన్నెండేసి మైళ్లూ కలిపితే మధ్యలో ఎవరికీ చెందని నీరు చుక్కయినా మిగలదు. గల్ఫ్ చమురు ఓడ ఏదైనా ఒకరి జలాల్లోంచే బయటపడాలి.

పూర్వం చాలా దేశాల హద్దు 3 మైళ్లే కాబట్టి, పెద్ద జలసంధుల నడుమ స్వేచ్ఛా సముద్రం ఉండేది. హద్దును 12 మైళ్లకు పెంచితే అలాంటి దారులు ప్రపంచమంతటా వందకు పైగా మూసుకుపోతాయని నౌకాబలం ఉన్న దేశాలు పట్టుబట్టాయి. 1982లో కుదిరిన ఐక్యరాజ్యసమితి సముద్ర చట్ట ఒప్పందం ఆ బేరసారాల ఫలితమే. హద్దు పెంపునకు ఒప్పుకుని, బదులుగా జలసంధుల్లో ‘ట్రాన్సిట్ ప్యాసేజ్’ అనే కొత్త హక్కును సాధించుకున్నాయి.

అంతకుముందు నుంచీ ఉన్నది ‘ఇన్నోసెంట్ ప్యాసేజ్’. పరాయి దేశపు ఓడ ప్రాదేశిక జలాల్లోంచి ఆగకుండా, తీరదేశపు శాంతిభద్రతలకు హాని చేయకుండా సాగిపోవచ్చు. ఆయుధ విన్యాసాలు, గూఢచర్యం, చేపల వేట, తీవ్రమైన కాలుష్యం వంటివి చేస్తే ఆ హక్కు పోతుంది. జలాంతర్గామి పైకి తేలి జెండా చూపించాలి. విమానాలకు ఈ హక్కు అసలు లేదు. హాని లేని ప్రయాణం కాదనిపిస్తే తీరదేశం అడ్డుకోవచ్చు. భద్రత కోసం కొన్ని చోట్ల, ముందుగా ప్రకటించి, కొంతకాలం రాకపోకలను ఆపవచ్చు కూడా.

ట్రాన్సిట్ ప్యాసేజ్‌లో ఈ చివరి రెండు అధికారాలూ ఉండవు. జలాంతర్గామి మునిగే వెళ్లవచ్చు, యుద్ధ విమానాలు పైనుంచి ఎగరవచ్చు. భద్రత పేరుతోనైనా రాకపోకలను నిలిపివేయకూడదు. అలాగని తీరదేశం చేతులు కట్టుకు కూర్చోనక్కర్లేదు. ఓడల దారులను నిర్ణయించవచ్చు కానీ, దానికి అంతర్జాతీయ సముద్ర సంస్థ ఆమోదం ఉండాలి. హార్ముజ్‌లో రాకకూ పోకకూ రెండేసి మైళ్ల వెడల్పున వేరు వేరు దారులు, నడుమ రెండు మైళ్ల ఖాళీ ఏర్పడ్డాయి. చమురు కాలుష్యం, చేపల వేట, కస్టమ్స్ విషయాల్లో తీరదేశం చట్టాలు చేయవచ్చు. అయితే వాటిని అమలుచేసే తీరు దారిని అడ్డుకునేంతగా ఉండకూడదు. సముద్ర పర్యావరణానికి పెద్ద ముప్పు కలిగించే ఉల్లంఘన జరిగితే మాత్రం గట్టి చర్య తీసుకునే వీలుంది.

2019 జులై 19న ఇరాన్ బ్రిటిష్ జెండా ఉన్న ‘స్టెనా ఇంపెరో’ ట్యాంకర్‌ను పట్టుకుని బందర్ అబ్బాస్‌కు తీసుకుపోయింది. సిబ్బంది 23 మందిలో 18 మంది భారతీయులే. చేపల పడవను ఢీకొట్టిందని ఇరాన్ చెప్పింది. ఓడ ఒమన్ జలాల్లో ట్రాన్సిట్ ప్యాసేజ్‌లో ఉందని బ్రిటన్ వాదించింది. అదే నిజమైతే ఇరాన్ అక్కడికి వెళ్లి సోదా చేయడానికే అధికారం లేదు. ఏ దేశపు అధికారమైనా తన జలాల వరకే. రెండు వారాల ముందు జిబ్రాల్టర్ దగ్గర ఇరాన్ చమురు మోస్తున్న ‘గ్రేస్ 1’ను బ్రిటిష్ బలగాలు పట్టుకున్న సంగతి తెలిసినవారికి, ఇది చేపల పడవ గొడవ మాత్రమే అనిపించలేదు. స్టెనా ఇంపెరో సెప్టెంబర్ 27న బయటపడింది.

ఇరాన్ 1982 ఒప్పందంపై సంతకం చేసినా దాన్ని ధ్రువీకరించలేదు. ట్రాన్సిట్ ప్యాసేజ్ అందరికీ వర్తించే ఆచారం కాదని, ఒప్పందంలో చేరిన దేశాలకే దక్కుతుందని అప్పుడే ప్రకటించింది. యుద్ధనౌకలు, జలాంతర్గాములు తన ప్రాదేశిక జలాల్లోకి రావాలంటే ముందస్తు అనుమతి కావాలని 1993లో చట్టం కూడా చేసింది. అమెరికా ఒప్పందంలో చేరనే లేదు. అయినా ఆ హక్కు ఆచార చట్టంగా మారిందంటుంది. ఇద్దరి వాదనల్లోనూ సౌలభ్యం చూసుకోవడం కనిపిస్తుంది.

ఇరాన్ మాటే నెగ్గినా, శాంతికాలంలో మామూలు ట్యాంకర్లకు దారి మూసే హక్కు దానికి రాదు. అంతర్జాతీయ రాకపోకలకు వాడే జలసంధిలో ఇన్నోసెంట్ ప్యాసేజ్‌ను కూడా నిషేధించకూడదని అంతర్జాతీయ న్యాయస్థానం 1949లోనే, కోర్ఫు జలసంధి కేసులో తేల్చింది. తేడా పడేది ముఖ్యంగా జలాంతర్గాములకు, యుద్ధ విమానాలకు. ఓడ ప్రయాణం హానికరమా కాదా అని తీర్పు చెప్పే అధికారం కూడా తీరదేశం చేతికి వస్తుంది. ఆ తీర్పు పేరుతో ఒక ఓడను ఆపవచ్చు; జలసంధిని మూయడానికి మాత్రం అది చాలదు.