స్టిక్కర్ ఫిల్టర్ వెనకాల ఉంటుంది

మా వదిన వాట్సాప్‌లో ఒక ఫొటో పంపింది. పొయ్యి మీద వంపు తిరిగిన అద్దం, దాని మీద స్టీలు గొట్టం, ముందు మూడు బటన్లు. "చిమ్నీ గుయ్‌మంటోంది గానీ తిరగట్లేదు. ఫిల్టర్లూ మోటారూ మార్చాలట. ఏ మోడలో చూసి చెప్పు" అని కింద రాసింది. నేను చెప్పలేకపోయాను. ఆ ఆకారం చిమ్నీలు చాలా కంపెనీలు అమ్ముతాయి. ముందు వైపు ఫొటో చూస్తే రకం తెలుస్తుంది, మోడల్ తెలియదు.

"ప్లగ్ పీకేసి, ఫిల్టర్లు ఊడదీసి, ఆ ఖాళీలోకి టార్చి వేసి చూడు వదినా" అన్నాను. మోడల్ పేరు, సీరియల్ నంబరు, వాట్లు ఉండే స్టిక్కర్ సాధారణంగా అక్కడే, లోపలి గోడకి అంటించి ఉంటుంది. జిడ్డు పట్టి ఉంటే సబ్బునీళ్లలో పిండిన గుడ్డతో అద్దాలి. స్టీలు పీచుతో రుద్దితే జిడ్డుతో పాటు అక్షరాలూ పోతాయి. ఫ్లాష్ వేసి తీస్తే మెరుపు తప్ప ఏమీ పడదు. టార్చిని పక్కనుంచి పట్టుకుని తీస్తే చెరిగిన అక్షరాలు కూడా చాలావరకు చదవొచ్చు.

వదిన పంపిన రెండో ఫొటోలో పేరు సగం చెరిగిపోయింది. చివర బీఎఫ్ అనీ 60 అనీ మిగిలాయి. బీఎఫ్ అంటే సాధారణంగా బాఫిల్ ఫిల్టర్, అంటే వంచిన స్టీలు పట్టీలు వరసగా పేర్చిన రకం. 60 అంటే చిమ్నీ వెడల్పు, సెంటీమీటర్లలో. కొన్ని పేర్లలో 'నీరో' అని ఉంటుంది. అదేదో ప్రత్యేక మోడల్ అనుకుని వెతికేవాళ్లున్నారు. ఇటాలియన్‌లో నీరో అంటే నలుపు, అంతే.

ఆ 60 చూసే వదిన అప్పటికే ఒకసారి మోసపోయింది. "60 సెంటీమీటర్ల చిమ్నీకి" అని రాసి ఉన్న ఫిల్టర్ల జత తెప్పిస్తే ఒకటి ఎక్కింది, రెండోది ఎక్కలేదు. 60 అనేది బయటి డొక్కు కొలత, ఫిల్టర్ కొలత కాదు. పాత ఫిల్టర్ పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయమన్నాను. వెడల్పు 256 మిల్లీమీటర్లు, ఎత్తు 320, మందం 9. కొత్తది 260 వెడల్పు. ఒక్కోదానికి తేడా నాలుగే. రెండూ పక్కపక్కన పెడితే ఎనిమిది. ఇనుప చట్రం ఎనిమిది మిల్లీమీటర్లు సర్దుకోదు కదా! కొలతలతో పాటు పిడి ఏ వైపు ఉంది, స్ప్రింగు కొక్కెం ఎక్కడుంది అన్నవి కూడా ఫొటోలో పడాలి. చిన్నది దొరికింది కదా అని సరిపెట్టుకున్నా కష్టమే. ఆ సందులోంచి పోపు జిడ్డు నేరుగా పైనున్న బ్లోయరు మీదికి పోతుంది.

మోటారు సంగతి కొనేముందే తేల్చుకోవాలి. గుయ్‌మని తిరగకపోతే అనుమానించాల్సినవి రెండు. ప్లగ్ తీసే ఉంచి, బ్లోయరు చక్రాన్ని వేలితో తిప్పాలి. తేలిగ్గా తిరిగితే తప్పు చాలావరకు కెపాసిటర్‌ది, మోటారు మార్చక్కర్లేదు. బిగుసుకుపోయి ఉంటే బేరింగులు పోయినట్టు. ప్లగ్ తీసినా కెపాసిటర్‌లో కరెంటు నిలిచి ఉండొచ్చు కాబట్టి దాని కొసలు తాకకూడదు. వదినవాళ్ల చక్రం కదల్లేదు. మోటారే.

మెకానిక్ వైర్లు విప్పకముందే ఒక ఫొటో, విప్పాక మోటారు మీది రేకుకి ఇంకో ఫొటో తీయించాను. వోల్టేజీ, వాట్లు, కెపాసిటర్ ఎన్ని మైక్రోఫారడ్లు అన్నవి ఆ రేకు మీద ఉన్నాయి. ఇరుసు మందం, పొడవు, దానికి ఒక పక్క చెక్కి ఉందా, బిగించే రంధ్రాల మధ్య దూరం ఎంత అన్నవి కొలిచి రాసుకోవాలి. కొత్త చిమ్నీల్లో వచ్చే బీఎల్‌డీసీ మోటారుకి విడిగా సర్క్యూట్ బోర్డు ఉంటుంది. పాత రకం మోటారు దాని స్థానంలో పనిచేయదు.

ఇన్ని చూసి ఒకటి మరిచాను, తిరిగే దిశ. కొత్త మోటారు బిగించారు. తిరిగింది, గాలీ లాగింది, కానీ పొగ వంటింట్లోనే ఉంది. ఈ రకం బ్లోయరు తలకిందులుగా తిరిగినా గాలి అదే దారిన పోతుంది, బలం మాత్రం బాగా తగ్గి, చప్పుడు పెరుగుతుంది. అందుకే చూసేవాళ్లకి తప్పు పట్టుబడదు. ఫిల్టర్ కింద తెల్లకాగితం పెట్టమంటే, మూడో స్పీడులో కూడా నిలవకుండా జారి పొయ్యి మీద పడింది. మూడు స్పీడుల మోటారులో వైర్లు అటూ ఇటూ మార్చి దిశ తిప్పడం మామూలుగా కుదరదు. అది వెనక్కిచ్చి, ఇరుసు వైపు నుంచి చూస్తే గడియారం ముల్లులా తిరిగేదే కావాలని చెప్పి తెప్పించాం. ఈసారి మూడో స్పీడులో కాగితం టపీమని అంటుకుంది. మొదటి స్పీడులో జారిపోయింది. అది మామూలే.