ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులో చాట్‌బాట్ వాడాలా? ముందు సార్‌కి ఈ మెయిల్ పంపండి

డిగ్రీ ఫైనల్ ఇయర్ పిల్లలున్న ఇళ్లలో ఇప్పుడు ప్రాజెక్టు మాటే నడుస్తోంది. సినాప్సిస్ ఇవ్వాలి, సర్వే చేయాలి, రిపోర్టు బైండింగ్ చేయించాలి, ఆ తర్వాత వైవా. చేతిలో ఫోన్ ఉంది, ఫోన్లో చాట్‌బాట్ ఉంది. క్లాసులో చాలామంది చెప్పకుండా వాడేస్తున్నారు. చెబితే సార్ వద్దంటారేమోనని భయం, చెప్పకుండా వాడి దొరికితే మార్కులు పోతాయని ఇంకో భయం. ఈ రెంటి మధ్య దారి ఒకటుంది. సినాప్సిస్ పంపే మెయిల్‌లోనే ఏ పనికి వాడాలనుకుంటున్నారో రాసి అనుమతి అడగడం.

అయితే అడిగే తీరును బట్టి జవాబు ఉంటుంది. ‘సార్, ఏఐ వాడొచ్చా?’ అని ఒక్క ముక్కలో అడిగితే ఏ ప్రొఫెసర్‌కైనా సులువైన జవాబు ‘వద్దు’ అనడమే. ఆ ఒక్క మాటలో స్పెల్లింగ్ దిద్దుకోవడమూ ఉంది, రిపోర్టు మొత్తం రాయించుకోవడమూ ఉంది. మీరు దేని గురించి అడుగుతున్నారో ఆయనకెలా తెలుస్తుంది?

ఒక ఉదాహరణ తీసుకుందాం. మహబూబ్‌నగర్‌లో బీకాం ఫైనల్ ఇయర్ చదివే ఓ అమ్మాయి క్లాక్ టవర్ చుట్టుపక్కల చిన్న దుకాణాల్లో ఉద్దెర అమ్మకాల మీద ప్రాజెక్టు చేస్తోంది అనుకుందాం. 60 దుకాణాలు తిరగాలి. ప్రశ్నలు ఇంగ్లిష్‌లో తయారుచేసింది. తెలుగులోకి తనే మార్చుకుంది. దుకాణదారుల్లో ఉర్దూ మాట్లాడేవాళ్లూ ఉన్నారు, ఆమెకేమో ఉర్దూ మాట్లాడటం వచ్చు గానీ రాయడం అంతంతమాత్రం. ఎక్సెల్ లెక్కలు కొత్త. ఇంగ్లిష్ గ్రామర్ మీద నమ్మకం తక్కువ. ఆమె తన గైడ్‌కి పంపే మెయిల్ ఇలా ఉండొచ్చు. కాలేజీకి ఇంగ్లిష్‌లోనే పంపాలి, అర్థం కావడానికి ఇక్కడ తెలుగులో ఇస్తున్నాం.

*

విషయం: ప్రాజెక్టు సినాప్సిస్, మూడు పనులకు చాట్‌బాట్ వాడేందుకు అనుమతి కోసం

గౌరవనీయులైన సార్‌కి,

‘మహబూబ్‌నగర్ క్లాక్ టవర్ ప్రాంతంలోని చిన్న దుకాణాల్లో ఉద్దెర అమ్మకాలు, వసూళ్లు’ అనే అంశంపై నా సినాప్సిస్, ప్రశ్నావళి ఈ మెయిల్‌కు జత చేశాను. ఈ ప్రాజెక్టులో మూడు పనులకు చాట్‌బాట్ సాయం తీసుకోవడానికి మీ అనుమతి కోరుతున్నాను.

ఒకటి, నేను తయారుచేసిన ప్రశ్నావళికి ఉర్దూ అనువాదం మొదటి ప్రతి. దాన్ని ఉర్దూ చదవడం, రాయడం వచ్చిన పెద్దలకు చూపించి సరిచేస్తాను. రెండు, ఎక్సెల్‌లో వాడాల్సిన ఫార్ములాలు. ప్రతి లెక్కనూ చేత్తో సరిచూస్తాను. మూడు, నేను రాసిన పేరాల్లో ఇంగ్లిష్ గ్రామర్ తప్పులు దిద్దుకోవడం.

గత అధ్యయనాల అధ్యాయం, సర్వే జవాబులు, వాటి నుంచి తేలిన విషయాలు, సూచనలు వీటిలో దేనికీ చాట్‌బాట్ వాడను. దుకాణదారుల పేర్లు, ఫోన్ నంబర్లు, బాకీల వివరాలు అందులో పెట్టను.

ఎక్కడ, ఎలా వాడానో రిపోర్టు మొదట్లో ఒక పేరాలో రాస్తాను. తేదీలవారీ రికార్డును చివర అనుబంధంగా ఇస్తాను. ఈ మూడింటిలో మీరు వద్దన్నది మానేస్తాను. సర్వే వచ్చే సోమవారం మొదలవుతుంది. ఆలోగా మీ జవాబు రాకపోతే చాట్‌బాట్ లేకుండానే మొదలుపెడతాను.

ఇట్లు, మీ విద్యార్థిని (పేరు, హాల్ టికెట్ నంబర్)

*

ఈ మెయిల్‌లో అన్నిటికంటే ముఖ్యమైనది చివరి వాక్యం. చాలామంది ‘మీ జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే భావిస్తాను’ అని రాస్తారు. అది పెద్దవాళ్లతో మాట్లాడే పద్ధతి కాదు, పైగా రేపు సమస్య వస్తే నిలబడదు కూడా. సార్ మెయిల్ చూడకపోయి ఉండొచ్చు. జవాబు రాలేదంటే అనుమతి లేదనే లెక్క. రెండు రోజులాగి స్టాఫ్ రూమ్‌కి వెళ్లి ‘సార్, మెయిల్ పంపాను’ అని గుర్తుచేయడంలో తప్పులేదు. ఆయన నోటిమాటగా సరే అంటే, ఆ రోజే ‘మీరు చెప్పినట్టు ఒకటి, రెండు పనులకు మాత్రమే వాడతాను’ అని అదే మెయిల్ కింద రాసి పంపాలి. వైవాకి బయటి నుంచి వచ్చే ఎగ్జామినర్‌కి మీ గైడ్ ఏమన్నారో తెలియదు. ఆయన ముందు పెట్టగలిగింది ఆ ప్రింటౌట్ ఒక్కటే.

రాతపూర్వకంగా ఉండాలనడానికి ఇంకో కారణం ఉంది. కాపీ విషయంలో యూజీసీ 2018లో నిబంధనలు తెచ్చింది. పీజీ, రీసెర్చ్ స్థాయి థీసిస్‌లు, డిసర్టేషన్ల కోసం వచ్చిన ఈ నిబంధనల్లో 10 శాతం వరకు పోలికలకు శిక్ష లేదు, అది దాటితే శాతాన్ని బట్టి పెరుగుతుంది. కానీ చాట్‌జీపీటీ జనంలోకి వచ్చింది 2022 నవంబర్‌లో. ఆ నిబంధనల్లో దాని ఊసు ఉండే అవకాశమే లేదు. పైగా ఆ 10 శాతం ఇంతకుముందే ఉన్న రాతలతో పోలిక శాతం. సాఫ్ట్‌వేర్ విడిగా చూపించే ‘ఏఐ శాతం’ వేరు. ఈ రెంటినీ కలిపేసి ‘10 శాతం వరకు ఏఐ వాడొచ్చట’ అని చెప్పుకునే విద్యార్థులున్నారు. అలాంటి రూల్ ఆ నిబంధనల్లో లేదు. కాలేజీ సొంతంగా పాలసీ పెట్టి ఉంటే అది చూడాలి, లేకపోతే మీ గైడ్ రాసిచ్చిన మాటే మీకు ఆధారం.

ఏఐ శాతం చూపే సాఫ్ట్‌వేర్‌లను పూర్తిగా నమ్మడానికీ లేదు. చాట్‌జీపీటీ తయారుచేసిన ఓపెన్‌ఏఐ కంపెనీయే తన సొంత గుర్తింపు టూల్‌ను సరిగా పనిచేయడం లేదంటూ 2023 జులైలో ఆపేసింది. అదే ఏడాది అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ పరిశోధకులు ఇలాంటి ఏడు టూల్స్‌ను పరీక్షించారు. ఇంగ్లిష్ మాతృభాష కాని వాళ్లు టోఫెల్ కోసం సొంతంగా రాసిన 91 వ్యాసాలను వాటికి ఇస్తే, సగటున 61 శాతం వ్యాసాలను మెషీన్ రాసినవని చెప్పాయి. నేర్చుకున్న ఇంగ్లిష్‌లో పదాలు తక్కువగా, వాక్యాలు ఒకే తీరుగా ఉండటమే దీనికి కారణమని తేల్చారు. ఇంట్లో ఉర్దూ, బయట తెలుగు, క్లాసులో ఇంగ్లిష్ వాడే మన పిల్లల రాతకీ ఈ గతి పట్టొచ్చు. అందుకే ఏమీ వాడనివాళ్లు కూడా రాత ఎలా పెరిగిందో చూపే ఆధారం ఉంచుకోవాలి. గూగుల్ డాక్స్‌లో రాస్తే `Version history`లో ఏ రోజు ఏ పేరా మారిందో కనిపిస్తుంది. వైవా అయ్యేవరకు ఆ ఫైల్ డిలీట్ చేయొద్దు.

ఇక ఆమె మెయిల్‌లో రాసిన ‘సరిచేస్తాను’, ‘సరిచూస్తాను’ అనేవి మర్యాదకు రాసిన మాటలు కావు. అవి లేకపోతే ప్రాజెక్టే తప్పుదారి పడుతుంది. ఉర్దూ అనువాదమే చూడండి. ఇంగ్లిష్ ప్రశ్నలోని ‘క్రెడిట్’ అనే మాటకు చాట్‌బాట్ ‘కర్జ్’ అని ఇచ్చింది అనుకుందాం. డిక్షనరీ ప్రకారం తప్పు కాదు. కానీ దుకాణదారుని ‘మీరు గిరాకీలకు కర్జ్ ఇస్తారా?’ అని అడిగితే ఆయన వడ్డీ వ్యాపారం గురించి అడుగుతున్నారనుకుంటాడు. ‘తౌబా, మేం అలాంటివి చేయం బేటీ’ అంటాడు. ఆయన గల్లాపెట్టె కిందే ఉద్దెర ఖాతా పుస్తకం ఉంటుంది! అక్కడ అడగాల్సిన మాట ‘ఉధార్’. ఒక్క పదం మారితే ‘అవును’ కాస్తా ‘కాదు’ అయిపోతుంది. 60 దుకాణాలూ తిరిగాక ఈ తప్పు తెలిస్తే చేసేదేమీ లేదు. అందుకే ముందు మూడు నాలుగు దుకాణాల్లో అడిగి చూడాలి. ఖాతా పుస్తకం ఎదురుగా కనిపిస్తున్నా ‘లేదు’ అని జవాబొస్తే లోపం ప్రశ్నలో ఉందన్నమాట.

ఎక్సెల్‌లోనూ ఇలాంటిదే జరుగుతుంది. ఉద్దెర ఇచ్చేవాళ్లు ఎందరో లెక్కించడానికి చాట్‌బాట్ ఈ ఫార్ములా ఇచ్చింది అనుకుందాం:

```
=COUNTIF(D2:D61,"Yes")
```

ఫార్ములా సరైనదే. కానీ ‘అవును’లు 34, ‘కాదు’లు 23 వచ్చాయి. కలిపితే 57. మూడు దుకాణాలు ఏమయ్యాయి? డేటా టైప్ చేసేటప్పుడు మూడు చోట్ల `Yes` తర్వాత ఒక ఖాళీ పడింది. కంటికి కనపడదు, ఎక్సెల్ మాత్రం దాన్ని వేరే మాటగానే చూస్తుంది. షీట్ చూడకుండా ఫార్ములా ఇచ్చిన చాట్‌బాట్‌కి ఈ సంగతి తెలియదు. `TRIM` వాడి ఆ ఖాళీలు తీసేస్తే ‘అవును’లు 37 అవుతాయి, మొత్తం 60కి సరిపోతుంది. కామర్స్ పిల్లలకు ట్రయల్ బ్యాలెన్స్ టాలీ చేయడం కొత్త కాదు, ఇక్కడా అదే అలవాటు పనికొస్తుంది.

గత అధ్యయనాల అధ్యాయాన్ని ఆమె ముందే పక్కన పెట్టడం తెలివైన పని. లేని పుస్తకాలను, రాయని వ్యాసాలను రచయిత పేరుతో, సంవత్సరంతో సహా సృష్టించి ఇవ్వడం చాట్‌బాట్‌లలో తరచూ కనిపించే లోపం. వైవాలో ‘ఈ పేపర్ చదివావా?’ అని అడిగితే అంతే సంగతులు.

రికార్డుకి పెద్ద హంగామా అక్కర్లేదు. నోట్‌బుక్‌లో ఐదు గడులు చాలు: తేదీ, ఏ టూల్, ఏం అడిగాను, ఏం ఇచ్చింది, నేను ఏం మార్చాను. వాడిన రోజే రాయాలి. నెల తర్వాత కూర్చుని గుర్తుచేసుకుని రాస్తే అది రికార్డు కాదు, కథ. పైన చెప్పిన రెండు తప్పులూ అందులో ఉండాలి. వాటిని దాచాల్సిన పని లేదు, పట్టుకున్నది ఆమే కదా.

రిపోర్టులో డిక్లరేషన్ పేజీ తర్వాత రాసే పేరా ఇంత ఉంటే సరిపోతుంది: ‘ప్రశ్నావళి ఉర్దూ అనువాదం మొదటి ప్రతికి, ఎక్సెల్ ఫార్ములాలకు, నేను రాసిన పేరాల గ్రామర్ దిద్దడానికి గైడ్ అనుమతితో చాట్‌బాట్ వాడాను. అనువాదాన్ని ఉర్దూ తెలిసినవారితో, లెక్కలను చేత్తో సరిచూశాను. విశ్లేషణ, సూచనలు నావి. తప్పులుంటే బాధ్యత నాదే. అనుమతి మెయిల్, రికార్డు అనుబంధంలో ఉన్నాయి.’ టూల్ పేరు, వాడిన నెలలు కూడా చేర్చాలి. ‘ఏఐ సాయం తీసుకున్నాను’ అని ఒక్క ముక్కలో రాస్తే ఎగ్జామినర్ అన్నీ దానితోనే చేయించారనుకునే ప్రమాదం ఉంది.

మరి సార్ మూడింటికీ వద్దంటే? వాదించొద్దు. ‘సరే సార్’ అని జవాబు పంపి ఆ మెయిల్ కూడా దాచుకోవాలి. గ్రామర్‌కి ఇంగ్లిష్ మేడమ్ ఉన్నారు, ఎక్సెల్‌కి కంప్యూటర్ ల్యాబ్ ఉంది. ఉర్దూ ప్రశ్నలకైతే ఇంట్లో ఉర్దూ మీడియం చదివిన నానీ ఉంటే ఒక సాయంత్రం చాలు. ‘కర్జ్’ దగ్గర ఆమె వెంటనే ఆపేస్తుంది. ఆమె పేరు కూడా కృతజ్ఞతల పేజీలో రాయాలి.